అమ్మమ్మ సర్వపిండి, మా ఇంటి మాటల్లోనే

మాది వరంగల్ దగ్గర పల్లె. సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టెను అమ్మమ్మ ఎలా చేస్తుందో మేం ఇంట్లో మాట్లాడుకునే తీరులోనే రాసి, గుంటూరు స్నేహితురాలికి పంపాను. చదివి వెంటనే ఫోన్ చేసింది. "సర్వల నూనె అంటే ఏం నూనె? పిండికి పొక్కులెందుకొస్తాయే?" అంది. ఆమెను ఆపేసిన వాక్యం ఇది:

"సర్వల మంచినూనె వూసి, పిండొత్తి, ఏలుతోని పొక్కలు వెట్టాలె."

సర్వ అంటే మాకు లోతైన గిన్నె, పొక్క అంటే రంధ్రం. 'సర్వల' అంటే సర్వలో అని.

మొదట భయపడి కథనమంతా పుస్తకాల తెలుగులోకి మార్చేశాను. అమ్మమ్మ మాటలు మాత్రం యాసలో ఉంచాను. చదువుకుంటే మనసు చివుక్కుమంది. నేనేదో పెద్ద చదువులదాన్నీ, ఆమె ఒక్కతే వేరే మనిషీ అన్నట్టుంది. మా ఇంట్లో అందరం అట్లనే మాట్లాడతాం. అది పక్కన పెట్టి మళ్లీ మొదటి రాతే తీశాను.

ఈసారి ఒక్కో మాటా విడిగా చూశాను. 'వూసి', 'వెట్టాలె', 'ఏలు' లాంటివి ఉచ్చారణలో తేడాలే. అక్షరాల్లో పెడితే మా ఊరివాళ్లకే చదవడం కష్టం, అందుకే వాటిని మామూలుగా రాశాను. 'తోని', 'పెట్టాలె', 'ఆడుతది' ఎవరికైనా అర్థమవుతాయి, పైగా యాస వినిపించేది ఆ చివర్లలోనే. వాటిని ముట్టుకోలేదు.

అసలు టెన్షన్ పెట్టింది అందరికీ తెలిసినట్టే అనిపించి, ఇంకో అర్థమిచ్చే మాటలు. కొత్త మాటైతే చదివేవాళ్లు ఆగి అడుగుతారు. 'మంచినూనె' దగ్గర ఎవరూ ఆగరు. మా ఇంట్లో అది పల్లినూనె, నా స్నేహితురాలు మాత్రం నువ్వులనూనె అనుకుంది. నేనే అడక్కపోతే నాకు తెలిసేదే కాదు. అక్కడ సూటిగా పల్లినూనె అనే రాశాను. మిగతావాటికి పక్కనే పనిని చూపించాను:

"ఇత్తడి సర్వ లోపలంతా పల్లినూనె పూసి, పిండిని అడుగుకు పలుచగ ఒత్తి, వేలుతోని నాలుగైదు పొక్కలు పొడవాలె. ఒక్కో పొక్కల చుక్క చుక్క నూనె పోసి, మూతపెట్టి సన్నమంట మీద కాలిస్తెనే అడుగు కరకరలాడుతది."

వాక్యం పొడుగైంది, కానీ ఎక్కడా అర్థం చెప్పే అవసరం రాలేదు.

తర్వాత విజయనగరం నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చిన వదినకు ఫోన్‌లో చదివి వినిపించాను. చివర్లో అమ్మమ్మ మాట ఒకటుంది: "పైలం బిడ్డా, బట్టతోని పట్టుకో, సర్వ కాలుతది."

"పైలం అంటే తెలిసిందా వదినా?" అని అడిగాను.

"జాగ్రత్తనే కదా. గిన్నె కాలుతోందని పక్కనే చెప్తోందిగా" అంది.

ఆ మాట అలాగే ఉంచేశాను.