రీచ్ పడిపోయిన ఆ మూడు వారాలు

ఇన్‌స్టాగ్రామ్‌లో పెన్సిల్ బొమ్మలు గీయడం నేర్పే రీల్స్ పెడుతుంటాను. ఫాలోవర్లు 3,200 మంది. ఒక్కో రీల్‌కు సుమారు 6,000 వ్యూస్ వచ్చేవి. ఉన్నట్టుండి వరుసగా నాలుగు రీల్స్ 700 దగ్గరే ఆగిపోయాయి. నాకు చెప్పకుండా నన్ను జనానికి కనపడకుండా చేశారని, అంటే షాడోబ్యాన్ అయిందని నమ్మేశాను. నిద్ర పట్టేది కాదు.

తెలిసినవాళ్లు తలా ఒక మందు చెప్పారు. రెండు రోజులు ఏమీ పెట్టొద్దన్నారు. ఆగి చూశాను, మూడో రోజూ అదే పరిస్థితి. వేరే ఫోన్‌లో నా హ్యాష్‌ట్యాగ్ వెతికితే నా రీల్ కనపడలేదు, అదే రుజువనుకున్నాను. కానీ సెర్చ్‌లో వచ్చేవి చూసే మనిషి అభిరుచిని బట్టి మారతాయి. అందులో మన రీల్ లేకపోవడం దేనికీ రుజువు కాదు. ప్రొఫెషనల్ అకౌంట్‌ను పర్సనల్‌కు మార్చమని కూడా ఒకరు చెప్పారు. అది మాత్రం చేయకపోవడం నా అదృష్టం. మార్చి ఉంటే ఎవరు ఎంత చూశారో చెప్పే పాత ఇన్‌సైట్స్ లెక్కలన్నీ పోయేవి. చివరికి అసలు కారణం దొరికింది ఆ లెక్కల్లోనే.

షాడోబ్యాన్ అనేది పూర్తిగా కట్టుకథ కాదు. అకౌంట్ మామూలుగానే నడుస్తుంది, ఫాలోవర్లకు పోస్టులు కనపడతాయి, కానీ కొత్తవాళ్లకు సిఫారసు చేయడం ఆగిపోతుంది. జనం షాడోబ్యాన్ అనేదానిలో నిజంగా ఉన్న భాగం ఇదే. దీన్ని చూసుకునే చోటు కూడా యాప్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో Account Status అని వెతికితే వస్తుంది. తీసేసిన పోస్టులతో పాటు, మన అకౌంట్‌ను కొత్తవాళ్లకు సిఫారసు చేయవచ్చో లేదో కూడా 2022 డిసెంబరు నుంచి అక్కడ చూపిస్తున్నారు. భయపడుతూనే తెరిచాను. అన్నీ పచ్చ టిక్కులే.

అదే వారం నా స్నేహితురాలి పేజీ కూడా పడిపోయింది. "నాది కూడా నీలాంటిదే అయి ఉంటుందిలే" అంది. తెరిపించి చూశాను. అక్కడ కథ వేరు. ఆమె పేజీని సిఫారసు చేయడం లేదని స్పష్టంగా రాసి ఉంది. కారణం, ఆమె ఎక్కువగా ఇతరుల క్లిప్పులు తెచ్చి పెట్టేది. 30 రోజుల్లో 10 సార్లో అంతకంటే ఎక్కువో సొంతం కాని వీడియోలు పెట్టే పేజీలను సిఫారసుల్లోంచి తీసేస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. అలాంటివి పెట్టడం పూర్తిగా మానేసి 30 రోజులు గడిస్తే మళ్లీ అర్హత వస్తుంది. పొరపాటున ఆపారనిపిస్తే రివ్యూ అడగవచ్చు. ఆమె విషయంలో పొరపాటేమీ లేదు, ఆ క్లిప్పులు మానేయడమే మార్గం.

మరి నాకేమైంది? పచ్చ టిక్కు ఉందంటే సిఫారసుకు అడ్డు లేదనే అర్థం, సిఫారసు చేసి తీరతారని కాదు. పాత రీల్, కొత్త రీల్ ఇన్‌సైట్స్ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఫాలోవర్ల నుంచి వచ్చిన వ్యూస్ పాతదానికి 600, కొత్తదానికి 550. దాదాపు సమానం. ఫాలోవర్లు కానివాళ్ల వ్యూస్ మాత్రం 5,400 నుంచి 150కి పడ్డాయి. అంటే నా వాళ్లు ఎక్కడికీ పోలేదు, కొత్తవాళ్ల దగ్గరే ఏదో తెగింది.

తర్వాత ఎంతసేపు చూశారో చెప్పే గ్రాఫ్ తీశాను. పాత రీల్‌లో మూడు సెకన్లు దాటేసరికి 100 మందిలో 70 మంది మిగిలారు. కొత్తదానిలో 38 మందే. కారణం కళ్ల ముందే ఉంది. సరిగ్గా ఆ నాలుగు రీల్స్ నుంచే మొదట నా లోగో, "నమస్కారం, ఈ రోజు మనం..." అనే పలకరింపు చేర్చాను. అందంగా ఉంటుందని ఎంతో ఇష్టంగా చేసుకున్న మార్పు అది. ఫాలోవర్లకు నేను తెలుసు కాబట్టి ఓపిక పట్టారు. తెలియనివాళ్లు బొమ్మ కనపడకముందే పైకి తోసేశారు. మొదట చూసినవాళ్లు ఆగకపోతే రీల్‌ను ఇంకా ఎక్కువ మందికి చూపించరు.

అది నిజమో కాదో తేల్చుకోవడానికి, 700 దగ్గర ఆగిన ఒక రీల్‌నే తీసుకున్నాను. లోగో, పలకరింపు కోసేసి, పూర్తయిన బొమ్మతో మొదలయ్యేలా చేసి ట్రయల్ రీల్‌గా పెట్టాను. ట్రయల్ రీల్ ముందు ఫాలోవర్లు కానివాళ్లకే వెళ్తుంది, నేను పరీక్షించాలనుకున్నదీ వాళ్లనే. మూడు సెకన్ల దగ్గర 66 మంది మిగిలారు, వారంలో 4,800 వ్యూస్ వచ్చాయి. అదే పద్ధతిలో పెట్టిన రెండోది 1,900 దగ్గర ఆగింది. దానికి మూడు సెకన్ల దగ్గర బాగానే ఉన్నారు, కానీ నీడలు వేసే భాగం మొదలవగానే గ్రాఫ్ జారిపోయింది. ఇప్పుడు ఆ భాగాన్ని ఎలా కుదించాలా అని చూస్తున్నాను.