వెయ్యి మంది కస్టమర్లయ్యారు, ఇంకా అరకిలో జాడీతోనే తంటా

నిన్న రాత్రి ఆర్డర్ల పుస్తకంలో వెయ్యో పేరు రాశాం. విజయవాడలో వంటింటి పక్క గదిలో మొదలైన ఆవకాయ వ్యాపారానికి ఇది పెద్ద సంగతే. కొన్న ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువగా, నూనె కారిన పార్శిల్‌ని పారేయకుండా నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పంపిన వాళ్లకు. ఈ పోస్టులో ఎక్కువ భాగం వాళ్ల ఫోటోల పుణ్యమే.

ఈ ఏడాది పచ్చడి బాగా కుదిరింది. నూజివీడు వైపు కాయ, త్రీ మ్యాంగోస్ కారం, గానుగ నువ్వుల నూనె. ఆ కారం రంగు ఆరు నెలలైనా నల్లబడదు, అందుకే ఇంకోటి వాడం. వేరుశనగ నూనెతో చవకగా పెట్టమనేవాళ్లున్నారు కానీ ఆవకాయకు ఆ వాసన నప్పదు.

అసలు గొడవ జాడీ మూతది. హైదరాబాద్‌కు రోడ్డు మీద వెళ్లినవి శుభ్రంగా చేరేవి. ఢిల్లీ, ముంబైలకు విమానంలో వెళ్లిన వాటిలో మాత్రం కొన్ని కారేవి. అదే జాడీ, అదే మూత, అదే రోజు వేసిన సీలు. కొరియర్ వాళ్లు విసిరేస్తున్నారనుకుంటే అట్టపెట్టె మూలలు నలగలేదు. విమానంలో ఎత్తుకు వెళ్లాక గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో దాదాపు ముప్పాతికకు పడిపోతుంది. జాడీలో ఉన్న గాలి మాత్రం ఇక్కడి పీడనంతోనే ఉండి, మూత కింద జాడీ అంచుకు అతికించే అల్యూమినియం రేకు వాడ్‌ని లోపల నుంచి నెడుతుంది. కింద ఉన్నప్పుడు బయటపడని సన్నటి సందు పైకెళ్లాక నూనెకు దారిస్తుంది. రాత్రంతా జాడీలను తలకిందులుగా పేపరు మీద పెట్టే పరీక్షలో అన్నీ పాసవడానికి కారణం ఇదే.

సందు ఎక్కడుందో తెలియాలి కదా. మొదటి అనుమానం వాడ్ మీద. పెట్ అనే ప్లాస్టిక్ జాడీకి ఆ ప్లాస్టిక్‌కు అతుక్కునే పొర ఉన్న వాడ్ కావాలి, మామూలు పాలిథిన్ పొరది పట్టదు. అదే కట్టలోని వాడ్‌లతో పొడి ఖాళీ జాడీలకు సీలు వేసి, 60 డిగ్రీల వేడినీళ్లలో ముంచి చూశాం. వేడికి లోపలి గాలి ఉబ్బి, సందు ఉంటే బుడగలుగా బయటికొస్తుంది. అంతకంటే వేడైతే పెట్ మెత్తబడి వంగిపోతుంది. ఒక్క బుడగ రాలేదు. అంటే వాడ్ మంచిదే, దాన్ని వేడి చేసి అతికించే ఇండక్షన్ మెషీన్ కూడా మంచిదే. తర్వాత ఇంకో ఖాళీ జాడీ అంచున పావు వంతు మేర వేలితో నూనె రాసి సీలు వేశాం. నీళ్లలో ముంచగానే సరిగ్గా ఆ పావులోంచే బుడగలు వరుసగా లేచాయి. నూనె లేకుండా రెండు ఆవపిండి రేణువులు పెట్టి చూస్తే, బుడగ ఆ రేణువు దగ్గరే. వాడ్ ఊడదీసి చూస్తే అతుకు చుట్టూ తెల్లటి గీత ఉంటుంది. నూనె ఉన్నచోట ఆ గీత తెగి, 2 మిల్లీమీటర్ల మేర నున్నగా మెరుస్తోంది. తిరిగొచ్చిన జాడీల్లోనూ ఇదే గుర్తు.

అందుకని ఇప్పుడు వెడల్పు మూతి స్టీలు గరాటు వాడుతున్నాం. దాని గొట్టం జాడీ మెడ దాటి లోపలికి దిగుతుంది కాబట్టి అంచుకు పచ్చడి తగలదు. నింపాక ఒక రాత్రి ఊరికే ఉంచుతాం. ముక్కల మధ్య గాలి బయటికొచ్చి, ముక్క నూనె పీల్చుకుని మట్టం దిగుతుంది. పొద్దున పైన నూనె పోసి, అంచు కింద 2 సెంటీమీటర్లు ఖాళీ వదిలి, పొడిగుడ్డతో ఒకసారి, టిష్యూతో ఇంకోసారి తుడిచాకే సీలు. కిలో జాడీల్లో కారడం ఆగిపోయింది! ఢిల్లీ నుంచి ఒక కస్టమరు "అక్కా, పెట్టె పొడిగా ఉంది" అని మెసేజ్ పెడితే ఇంట్లో పండగ చేసుకున్నాం.

అరకిలోవి మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు కారుతున్నాయి. అంచు శుభ్రంగానే ఉంటోంది. ఖాళీ జాడీని గాజుపలక మీద బోర్లించి కింద నుంచి లైటు వేస్తే, జాడీ పోసిన అచ్చు రెండు సగాలు కలిసే చోట సన్నటి వెలుగు కనిపిస్తోంది. అక్కడి గట్టే వాడ్‌ని ఎత్తి పడుతోందని నా అనుమానం. సీలు సమయం పెంచితే పట్టదా అనుకుని పెంచితే మూత లోపలి అట్ట మాడిపోయింది. వేడి పెంచితే జాడీ అంచు వంకర తీరదని తేలింది. ఇప్పుడు వేరే చోటి నుంచి కొన్ని అరకిలో జాడీలు తెప్పిస్తున్నాం. గాజుపలక పరీక్ష పాసైతేనే మిగతావి కొంటాం. అప్పటిదాకా అరకిలోవి రోడ్డు మీద వెళ్లే ఊళ్లకే.

రెండు వేల మంది అనే లెక్క మీద నాకంత ఆశ లేదు. ఈ వెయ్యి మందిలో సగమైనా వచ్చే వేసవిలో మళ్లీ అడగాలి, అదే గురి. హైదరాబాద్ వాళ్లకు పాత జాడీలోకి ఒంపుకునే పౌచ్ చేయాలని ఉంది, కానీ పౌచ్ అతుకు మీద కూడా నూనె పడుతుంది కదా, దాని పరీక్షలు వేరే. మాగాయ కూడా అడుగుతున్నారు. ముక్క ఎండ పెట్టాలంటే మేడ మీద వల కట్టాలి. ఆ పని మార్చిలోపు అయితే ఈసారి నున్న మార్కెట్లో కాయ రెండింటికీ కలిపి కొంటాం.