డిశ్చార్జి సమ్మరీని తెలుగులో రాసిచ్చిన నా అనుభవం

2024 మార్చి 6, బుధవారం సాయంత్రం. మా దూరపు బంధువుల కోడలికి హైదరాబాద్‌లో గుండె వాల్వు మార్చే ఆపరేషన్ అయి, కోలుకున్నాక ఆ బుధవారం ఇంటికి పంపించారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం వల్ల మైట్రల్ వాల్వు పాడైపోతే దాని స్థానంలో మెటల్ వాల్వు వేశారు. వాళ్లది దేవరకొండ పక్కన పల్లె. నేను దేవరకొండలో ఇంగ్లిష్ కాగితాలు తెలుగులోకి రాసిచ్చే పని చేస్తాను కాబట్టి, ఊరికి పోతూ దారిలో మా ఇంటి ముందు కారు ఆపారు. ఇంట్లో మందులు చూసుకునేది వాళ్ల అత్తమ్మ. ఆమెకు తెలుగు కూడబలుక్కుని చదవడం వస్తుంది, ఇంగ్లిష్ రాదు.

డిశ్చార్జి సమ్మరీ నాలుగైదు పేజీలు ఉంటుంది గానీ, ఇంటివాళ్లకు వెంటనే కావాల్సింది చివరి పేజీయే. ఏం ఆపరేషన్ చేశారు, ఎకో రిపోర్టులో ఏముంది అనేవి తర్వాత నిదానంగా చెప్పుకోవచ్చు. ఆ సాయంత్రం ఆరింటికి వేయాల్సిన గోలి ఏదన్నది మాత్రం ఆగదు. అందుకే నేను ఎప్పుడూ మందుల పట్టికతోనే మొదలుపెడతాను. దానికంటే ముందు మెడికల్ షాపు కవర్‌లోని స్ట్రిప్పులన్నీ బల్ల మీద పెట్టించి, కాగితం మీద ఉన్న ఒక్కో పేరునూ స్ట్రిప్పు మీది పేరుతో, బలంతో సరిచూస్తాను.

ఈ కేసులో అసలు సమస్య అసిట్రామ్. మెటల్ వాల్వు మీద రక్తం గడ్డ కట్టకుండా వేసే మందు ఇది. తక్కువైతే వాల్వు మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం అవుతుంది. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేసి మోతాదు సరిచేస్తుంటారు. ఈమెకు ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని సమ్మరీలో ఉంది. మందు వరసలో ఉన్నది ఇంతే: అసిట్రామ్ 2 మి.గ్రా. / 1 మి.గ్రా., ఆల్టర్నేట్ డేస్, సాయంత్రం 6 గంటలకు.

చూడ్డానికి చిన్న వాక్యమే. దీన్ని 'రోజు తప్పించి రోజు' అని రాస్తే ఇంట్లో వాళ్లు ఒక రోజు వేసి, మర్నాడు అసలు వేయరు. ఇక్కడ మందు లేని రోజంటూ లేదు. ఒక రోజు 2 మి.గ్రా., మర్నాడు 1 మి.గ్రా., మళ్లీ 2. ప్రతి సాయంత్రం ఏదో ఒకటి వేయాల్సిందే. అందుకే ఆ మాట వాడకుండా తేదీలతోనే రాయాలనుకున్నాను. అలా రాయబోతే ఇంకో సంగతి బయటపడింది. ఈ రోజు ఏది? 2 మి.గ్రా.తో మొదలుపెట్టాలా, 1తోనా? కాగితంలో ఎక్కడా లేదు.

అది నేను ఊహించి రాసే విషయం కాదు. చివరి పేజీ కింద వార్డు ఫోన్ నంబర్ ఉంది. ఫోన్ చేసి పేషెంటు పేరు, ఐపీ నంబర్ చెప్పి, నిన్న సాయంత్రం అసిట్రామ్ ఎంత ఇచ్చారని సిస్టర్‌ను అడిగాను. ఆమె డ్రగ్ చార్ట్ చూసి, డ్యూటీ డాక్టర్‌ను అడిగి, కాసేపటికి తిరిగి ఫోన్ చేసింది. 5వ తేదీ సాయంత్రం 2 మి.గ్రా. ఇచ్చారు, కాబట్టి 6న 1 మి.గ్రా. వేయాలి అంది. "అయితే సిస్టర్, ఈ రోజు 1 మి.గ్రా., రేపు 2 మి.గ్రా., ఎల్లుండి మళ్లీ 1. అంతేనా?" అని ఆమె చెప్పింది ఆమెకే వినిపించి, అవునన్నాకే రాసుకున్నాను. ఆ వరస పక్కన 'వార్డు నుంచి ఫోన్‌లో చెప్పినది, 6-3-2024 సాయంత్రం' అని కూడా రాశాను. సమ్మరీలో లేని మాట ఎక్కడి నుంచి వచ్చిందో రేపు చదివే డాక్టర్‌కు తెలియాలి.

ఇక పట్టిక. పేషెంటు భర్త "అక్కా, సరి తేదీన ఒకటి, బేసి తేదీన రెండు అని రాస్తే అయిపోదా?" అని అడిగాడు. చాలామంది అలాగే గుర్తుపెట్టుకుంటారు. కానీ మార్చికి 31 రోజులు. 31 బేసి, ఏప్రిల్ 1 కూడా బేసి. ఆ పద్ధతిలో పోతే వరసగా రెండు రోజులు 2 మి.గ్రా. పడుతుంది. వారాల పేర్లతో రాసినా అదే చిక్కు. వారానికి ఏడు రోజులు కాబట్టి ఈ సోమవారం 1 అయితే వచ్చే సోమవారం 2 అవుతుంది. అందుకే ఒక్కో తేదీకి ఒక్కో వరస రాశాను: 6 బుధ, 1 మి.గ్రా.; 7 గురు, 2 మి.గ్రా.; 8 శుక్ర, 1; 9 శని, 2; 10 ఆది, 1; 11 సోమ, 2. అక్కడితో ఆపేశాను. 12న జరిగే రక్తపరీక్షతో మోతాదు మారొచ్చు కాబట్టి, పరీక్ష తేదీ నుంచి మోతాదు రాయకూడదని నా నియమం. నెల మొత్తం రాసిస్తే డాక్టర్ మార్చాక కూడా ఇంట్లో పాత కాగితమే నడుస్తుంది.

వాళ్లకు షాపులో 1 మి.గ్రా. స్ట్రిప్పులే ఇచ్చారు. అసిట్రామ్ 2 మి.గ్రా. గోలి విడిగా కూడా దొరుకుతుంది. కాబట్టి '2 మి.గ్రా.' అని మాత్రం రాస్తే సరిపోదు. '2 మి.గ్రా. = ఈ స్ట్రిప్పులోవి 2 గోలీలు' అని రాసి, కింద 'వేరే బలం ఉన్న స్ట్రిప్పు కొంటే ఈ లెక్క పనికిరాదు, షాపులో అడిగి కొత్తగా రాయించుకోవాలి' అని చేర్చాను. మందు పేరు మాత్రం స్ట్రిప్పు మీదున్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచి, పక్కన తెలుగులో రాశాను. రెండు చోట్లా అక్షరాల రూపం పోల్చుకుని చూడ్డానికి ఇంగ్లిష్ రానక్కర్లేదు.

రెండో మందు లానాక్సిన్. గుండె వేగాన్ని అదుపులో ఉంచేది. కాగితంలో 0.25 మి.గ్రా., 1/2, ఓడీ, 5/7 అని ఉంది. ఓడీ అంటే రోజుకు ఒకసారి. మిగతా మూడు ముక్కలనూ తప్పుగా చదవొచ్చు. 0.25 అంటే పావు గోలి అనుకోవచ్చు. అది గోలిలో ఉన్న మందు బలం. 1/2ను ఒకటి లేదా రెండు అనుకోవచ్చు. వేయాల్సింది అర గోలి, అంటే 0.125 మి.గ్రా. ఇక 5/7 చూసి, ఇంటర్ చదివే వాళ్ల కొడుకు జులై 5న మళ్లీ రమ్మన్నారని అనుకున్నాడు. ఇంకొందరు ఐదు నుంచి ఏడు రోజులు వాడి ఆపేయాలనుకుంటారు. దానర్థం వారంలో ఐదు రోజులు వేసి రెండు రోజులు ఆపాలని. లానాక్సిన్ ఒంట్లో పేరుకుంటే ఆకలి పోవడం, వాంతులు, నాడి బాగా మందగించడం వంటివి వస్తాయి. అందుకే కొందరు డాక్టర్లు అలా రెండు రోజులు విరామం ఇస్తారు. ఏ రెండు రోజులో కాగితంలో లేదు. అదీ ఫోన్‌లోనే అడిగాను. శని, ఆదివారాలు వద్దన్నారు.

రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త తీసుకున్నాను. చేతిరాతలో 'అర' అన్నదీ 'ఆరు' అన్నదీ దగ్గరగా కనిపిస్తాయి. పక్క వరసలోనే 'సాయంత్రం ఆరు గంటలకు' అని ఉంది. అందుకని అర గోలి దగ్గర గుండ్రంగా గీసి సగం నలుపు నింపాను, టైమ్ దగ్గర 6:00 అని అంకె వేశాను. శని, ఆదివారాల గడులు ఖాళీగా వదల్లేదు. ఖాళీ గడి చూస్తే రాయడం మర్చిపోయారనిపిస్తుంది. అందుకే 'ఈ రోజు లానాక్సిన్ వద్దు' అని పూర్తిగా రాశాను.

లాసిక్స్ 40 మి.గ్రా. 1-1-0 అని ఉంది. రెండు పూటలు అనగానే పొద్దున, రాత్రి అనుకుంటారు. ఇది పొద్దున, మధ్యాహ్నం. ఒంట్లో నీరు మూత్రంగా పోయే మందు కాబట్టి రాత్రి వేస్తే నిద్ర ఉండదు. 'పొద్దున 1, మధ్యాహ్నం 1, రాత్రి వద్దు' అని మూడు గడులూ నింపాను.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది రివ్యూ తేదీ. '13/03/2024, మంగళవారం, ఐఎన్ఆర్ రిపోర్టుతో రావాలి' అని ఉంది. క్యాలెండర్ చూస్తే 13 బుధవారం, మంగళవారం 12. ఏది తప్పో కాగితం చెప్పదు. తేదీ ఉన్న ప్రతి చోటా వారం పేరు క్యాలెండర్‌తో సరిచూడటం నాకు అలవాటు. రెండూ కలవకపోతే నేనే ఒకటి ఎంచుకోను. మళ్లీ అదే నంబర్‌కు చేశాను. ఆ సర్జన్ ఓపీ మంగళవారమే, 12న పొద్దున్నే వచ్చి రక్తం ఇక్కడే ఇవ్వాలి, రిపోర్టు చూశాక ఆ సాయంత్రం మోతాదు చెప్తారు అన్నారు. 'మార్చి 12, మంగళవారం' అని అక్షరాల్లో రాసి, సమ్మరీలో 13 అని ఉందని, వార్డులో అడిగితే 12 అన్నారని కింద పెట్టాను. ఇంగ్లిష్ కాగితం మీద నేను ఏమీ దిద్దలేదు. అది ఆస్పత్రి పత్రం. రేపు దేవరకొండలో ఏ డాక్టర్ చూసినా ముందు దాన్నే చూస్తాడు.

ఎన్ఎస్ఏఐడీలు అంటే నొప్పి తగ్గించే ఒక రకం మందులు. అవి వాడొద్దు అన్న వరసను ఉన్నదున్నట్టు తెలుగు లిపిలో రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఊళ్లో ఒళ్లు నొప్పులంటే ఆర్ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకుంటారు. డైక్లోఫెనాక్ సూది కూడా ఇందులోకే వస్తుందా అని డ్యూటీ డాక్టర్‌ను అడిగి, వస్తుందన్నాక 'నొప్పుల గోలీలు, నొప్పుల సూదులు సొంతంగా వద్దు, ముందు ఆస్పత్రికి ఫోన్ చేయాలి' అని రాశాను.

రాయడం అయ్యాక కాగితం అత్తమ్మ చేతికిచ్చి, ఇంగ్లిష్ కాగితం నేను పట్టుకున్నాను. ఆమె ఒక్కో రోజు వరస పైకి చదివి స్ట్రిప్పులోంచి గోలీలు చూపించాలి. నేను ఏమీ అందించకుండా ఇంగ్లిష్‌తో సరిచూస్తాను. శనివారం దగ్గర లానాక్సిన్ స్ట్రిప్పు పక్కకు నెట్టి, అసిట్రామ్‌వి రెండు గోలీలు చూపించింది. శుక్రవారం దగ్గర మాత్రం ఆగిపోయింది. "బిడ్డా, 8 శివరాత్రి గదా. కోడలు ఒక్కపొద్దు ఉంటనంటుంది. గోలి ఎట్ల ఏసుకోవాలె?" అని అడిగింది. ఇది నా కాగితంలో లేదు, సమ్మరీలోనూ లేదు. ఫోన్ ఆమెకే ఇచ్చి అడగమన్నాను. ఒక్కపొద్దు, జాగారం ఈసారి వద్దని, అన్నం తిని మందులు టైమ్‌కు వేయాలని అవతల నుంచి చెప్పారు. 8వ తేదీ వరసలో అదీ రాశాను. ఆరు కాకముందే వాళ్లు బయల్దేరారు.

12న హైదరాబాద్‌లో ఐఎన్ఆర్ 2.1 వచ్చింది. డాక్టర్ అసిట్రామ్‌ను రోజూ 2 మి.గ్రా. చేసి, వారం తర్వాత మళ్లీ పరీక్ష రాశారు. తిరిగి వస్తూ వాళ్లు మా ఇంటి దగ్గర ఆగారు. పాత కాగితం మీద అడ్డంగా గీత కొట్టి 'మార్చి 12 నుంచి చెల్లదు' అని రాసి ఫైల్లో వెనక పెట్టించాను. కొత్త కాగితంలో 12 నుంచి 18 వరకు వరసలు రాశాను. 19 ఎదురుగా 'మంగళవారం, రక్తపరీక్ష, సాయంత్రం మోతాదు డాక్టర్ చెప్పాక' అని రాసిచ్చాను.