పేట్రియన్, యూట్యూబ్ సభ్యత్వాలు ఆపుకున్నాక నాకు మిగిలినవి, పోయినవి

ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో నీటిరంగుల బొమ్మలు వేసుకునే నేను ఇద్దరు క్రియేటర్లకు డబ్బు కడుతూ వచ్చాను. ఒకరు విదేశంలో ఉంటూ నీటిరంగుల పాఠాలు చెప్పే చిత్రకారిణి. క్రియేటర్లకు అభిమానులు నేరుగా డబ్బు కట్టే పేట్రియన్ అనే వెబ్‌సైట్‌లో ఆమెకు ఏడాది సభ్యత్వం కట్టాను. మరొకటి శాసనాల గురించి, పాత గుళ్ల గురించి చెప్పే తెలుగు యూట్యూబ్ ఛానల్. దానికి నెలకు 159 రూపాయలు యూపీఐ ఆటోపే ద్వారా వెళ్లేవి. ఇంటి ఖర్చులు పెరిగాక రెండూ ఆపేయాలని నిర్ణయించుకున్నాను. ఆపడం నిమిషాల పనే. ఆపాక ఏది ఎప్పటి వరకు ఉంటుంది, ఇప్పటికే కట్టిన సొమ్ము సంగతేమిటి అన్నవే అసలు ప్రశ్నలు కాబట్టి, వాటి గురించే ఎక్కువగా రాస్తాను.

ముందు పేట్రియన్ లెక్క. ఆమె పెట్టిన స్థాయి నెలకు 5 డాలర్లు. ఏడాదికి ఒకేసారి కడితే పది శాతం తగ్గింపుతో 54 డాలర్లు. వాయిదాల డబ్బు దానంతట అదే కట్ అవడానికి మనం ముందుగా ఇచ్చే అనుమతి, అంటే ఈ-మాండేట్ గురించిన రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చాక, విదేశీ సంస్థలకు మన కార్డుల మీద నెలనెలా వెళ్లే చెల్లింపులు చాలామందికి తరచుగా ఆగిపోయాయి. అందువల్ల ఒక్కసారి ఓటీపీ ఇచ్చి ఏడాదికి కట్టేయడమే నయమని నేను ఆ పద్ధతి ఎంచుకున్నాను. డాలరు 85 రూపాయల లెక్కన అది 4,590 రూపాయలు. దాని మీద నా కార్డు వేసే విదేశీ మారకపు రుసుము మూడున్నర శాతం, ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ; వెరసి నా చేతి నుంచి పోయింది దాదాపు 4,780 రూపాయలు. ఏడాది సభ్యత్వం గడువు ముగిసిన రోజున దానంతట అదే మళ్లీ ఏడాదికి పొడిగించుకుంటుంది. నేను చేరింది ఫిబ్రవరి 12న కాబట్టి, రద్దు చేయకపోతే వచ్చే ఫిబ్రవరి 12న మళ్లీ అంత మొత్తానికి బిల్లు వస్తుందన్న మాట.

నేను రద్దు చేసింది సెప్టెంబరులో. ఖాతా సెట్టింగులలో Memberships అన్న చోట ఆ క్రియేటర్ పేరు ఎదురుగా సభ్యత్వాన్ని మార్చుకునే వీలుంటుంది. అందులోకి వెళ్లి రద్దును ఎంచుకుంటే, ఎందుకు వెళ్లిపోతున్నారో ఒక కారణం చెప్పమంటుంది. ఆ జవాబు క్రియేటర్‌కు కనిపిస్తుంది కాబట్టి, ఆమె పాఠాల మీద అసంతృప్తి ఏమీ లేదని, ఖర్చు తగ్గించుకోవడమే కారణమని రెండు వాక్యాలు రాశాను. అది తప్పనిసరి కాదు. కానీ నెలనెలా కొందరు చేరి కొందరు వెళ్లిపోయే ఆదాయం మీద బతికేవారికి, ఎందుకు వెళ్తున్నారో తెలియడం చిన్న సాయమే అవుతుందని నాకు అనిపిస్తుంది.

రద్దు నొక్కిన వెంటనే పాఠాలు మూసుకుపోతాయేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. అలా జరగలేదు. సభ్యత్వం రద్దయిందని, కట్టిన గడువు అంటే ఫిబ్రవరి 12 వరకు సదుపాయాలన్నీ కొనసాగుతాయని తెర మీదే కనిపించింది, ఈమెయిలు కూడా వచ్చింది. అంటే ఇక్కడ రద్దు అన్నది తదుపరి చెల్లింపును ఆపడమే తప్ప, ఇప్పటికే కొన్న కాలాన్ని వదులుకోవడం కాదు. ఈ కారణం చేతనే, గడువు చివరి రోజు దాకా ఆగి అప్పుడు గుర్తు పెట్టుకుని రద్దు చేద్దామనుకోవడంలో లాభమేమీ లేదు. ఆగాలని తేల్చుకున్న రోజునే చేసేయవచ్చు.

అయితే మిగిలిన ఐదు నెలల సొమ్ము వెనక్కి రాదు. వాడుకున్న కాలాన్ని మినహాయించి మిగతాది తిరిగి ఇచ్చే ఏర్పాటు ఏడాది సభ్యత్వంలో లేదు. క్రియేటర్ తలచుకుంటే ఒక చెల్లింపును తానే వాపసు చేయగలదు. అది ఆమె ఇష్టం మీద ఆధారపడిన విషయం. పొరపాటున రెండుసార్లు డబ్బు కట్ అయినా, చెప్పిన సదుపాయం అసలు అందకపోయినా అడగడం న్యాయమే. నా విషయంలో పాఠాలు నెలనెలా వచ్చాయి, ఇంకా ఐదు నెలలు చూసుకునే వీలూ ఉంది, కాబట్టి నేను అడగలేదు.

ఇక నేను కాస్త సమయం పెట్టి ఆలోచించిన విషయం పాత పాఠాలది. గడువు తీరాక వచ్చే కొత్త పాఠాలు కనిపించవన్నది ఎవరికైనా అర్థమవుతుంది. కానీ నేను డబ్బు కట్టిన నెలల్లో వచ్చిన పాఠాలు కూడా, అంటే మార్చిలో నేను చూసి అభ్యాసం చేసిన పాఠం కూడా, ఫిబ్రవరి 12 తర్వాత తాళం గుర్తు వెనక్కి వెళ్లిపోతుంది. గ్రంథాలయానికి రుసుము కట్టి ఏడాదంతా చదివిన పుస్తకాలు మన సొంతం కానట్టే, ఇక్కడ కట్టేది తలుపు తెరిచి ఉంచినందుకే గాని లోపలి వస్తువులకు కాదు. నెలకు ఇంత చొప్పున లెక్క వేసుకుని, ఈ పాఠానికి నేను ఇంత ఇచ్చాను కదా అని అనుకునేవారికి ఇది మింగుడు పడదు.

అందుకని గడువు ఉండగానే ఒక ఆదివారం కూర్చుని, దించుకోవడానికి ఆమె స్వయంగా జత చేసిన ఫైళ్లన్నీ దించుకున్నాను. కాగితం మీద అచ్చు వేసుకుని రంగులు నింపే గీతల పీడీఎఫ్‌లు, చూసి వేయడానికి ఇచ్చిన ఫొటోలు, రంగుల మిశ్రమాల పట్టికలు అందులో ఉన్నాయి. వాటిని సొంత అభ్యాసానికి వాడుకోవచ్చని, ఇతరులకు పంచకూడదని ఆమె పేజీలోనే రాసి ఉంది. పేజీలోనే ఆడే వీడియోలకు దించుకునే వీలు లేదు. వాటిలో నాకు కష్టంగా తోచినవి, ముఖ్యంగా తడి కాగితం మీద ఆకాశం వేసే పాఠం, మళ్లీ చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను: కాగితం మీద నీటి మెరుపు తగ్గి, ఇంకా తడిగా ఉన్నప్పుడే రెండో రంగు పెట్టాలి. ఆలస్యమైతే అంచుల్లో పువ్వులాంటి మరకలు పడతాయి. ఆ పేజీ ఇప్పుడు తాళం వెనక ఉన్నా, ఆ సంగతి నా దగ్గరే ఉంది.

డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో సభ్యులు తాము వేసిన బొమ్మలు పెట్టి సలహాలు అడిగే గది కూడా ఈ సభ్యత్వంలో భాగమే. పేట్రియన్ ఖాతాను డిస్కార్డ్‌కు కలిపినప్పుడు సభ్యుడికి ఆ గదిలోకి ప్రవేశమిచ్చే రోల్ అనే గుర్తింపు వస్తుంది. గడువు తీరాక అది తనంతట తానే పోతుంది, దానితో పాటు ఆ గది కనిపించడం మానేస్తుంది. నేను అక్కడ పెట్టిన బొమ్మలు, ఆమె వాటికి ఇచ్చిన సలహాలు అక్కడే ఉండిపోతాయి, కానీ నాకు కనబడవు. పనికొచ్చే సలహాలను నేను ముందే స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను. చెప్పాలంటే, మొత్తం సభ్యత్వంలో నాకు ఎక్కువ విలువైనవి అవే.

డబ్బు కట్టే సభ్యత్వం ముగిసినా, ఉచిత సభ్యుడిగా ఆ పేజీతో సంబంధం ఉండిపోతుంది. అందరికీ తెరిచి పెట్టిన పోస్టులు కనిపిస్తాయి, ఈమెయిళ్లు వస్తూనే ఉంటాయి. ఈమెయిళ్లు చూసి రద్దు కాలేదేమోనని కంగారుపడనక్కర్లేదు. రద్దయిందో లేదో ఖాతా సెట్టింగులలోని Memberships దగ్గర చూసుకోవచ్చు. పాత చెల్లింపుల రసీదులు బిల్లుల చరిత్రలో అలాగే ఉంటాయి, నేను ఇప్పటి వరకు మొత్తం ఎంత ఇచ్చానో క్రియేటర్‌కు కూడా కనిపిస్తుంది. ఆ రసీదులను ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపుకు చూపవచ్చా అని మా బావగారు అడిగారు. వీల్లేదు, ఆ మినహాయింపు అందుకు ఆమోదం పొందిన ధార్మిక సంస్థలకు, నిధులకు ఇచ్చే విరాళాలకే. మద్దతు అన్న మాట వాడినా, ఇది చట్టం దృష్టిలో విరాళం కాదు.

యూట్యూబ్ సభ్యత్వం ఇంత లోతైనది కాదు. youtube.com/paid_memberships అన్న పేజీలో ఛానల్ పేరు దగ్గర నిర్వహణలోకి వెళ్లి, అక్కడ సభ్యత్వం ముగించాలి. ఇక్కడా కట్టిన నెల పూర్తయ్యేదాకా పేరు పక్కన బ్యాడ్జి, ఎమోజీలు, సభ్యులకే పెట్టిన వీడియోలు ఉంటాయి. మధ్యలో ఆపినందుకు వాపసు లేదు. ఛానల్‌ను అన్‌సబ్‌స్క్రైబ్ చేసినంత మాత్రాన గానీ, ఫోన్లో యాప్ తీసేసినంత మాత్రాన గానీ సభ్యత్వం ఆగదు. గతంలో ప్రత్యక్ష ప్రసారాల్లో నేను పంపిన సూపర్ చాట్ సొమ్ముకూ దీనికీ సంబంధం లేదు. అది ఏ రోజుది ఆ రోజే ముగిసిన చెల్లింపు. ఐఫోన్ యాప్‌లో చేరినవారు మాత్రం ఫోన్ సెట్టింగుల్లోని సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి రద్దు చేయాలి, ఎందుకంటే వారి బిల్లు వచ్చేది ఆపిల్ నుంచి. మా చెల్లెలు వెబ్‌లో రద్దు బటన్ కోసం వెతికి వెతికి చివరికి అక్కడ కనుక్కుంది.

ఆటోపే విషయంలో వరుస ముఖ్యం. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, పిన్ కొట్టి మాండేట్ రద్దు చేస్తే డబ్బు పోవడం నిజంగానే ఆగుతుంది. కానీ అవతల సభ్యత్వం రద్దు కాలేదు కాబట్టి, తర్వాతి వాయిదా విఫలమై, చెల్లింపు పద్ధతి సరిచేయమని సందేశాలు వస్తాయి. నాతో పనిచేసే ఒకాయనకు అలాగే జరిగింది. ఆపేశాననుకున్న సభ్యత్వం గురించి ఈమెయిళ్లు వస్తుంటే ఆయనకు అర్థం కాలేదు. నేను ముందు యూట్యూబ్‌లో సభ్యత్వం ముగించి, ముగింపు తేదీ కనిపించాక, ఆ తర్వాత యూపీఐ యాప్‌లో ఇంకా సజీవంగా ఉన్న మాండేట్‌ను రద్దు చేశాను. ఆటోపేలో డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు సందేశం రావాలన్నది నిబంధన. తర్వాతి నెల ఆ తేదీకి ముందు రోజు సందేశం రాలేదు, డబ్బూ పోలేదు. ఫిబ్రవరి 12 దాటాక కార్డు స్టేట్‌మెంటులో కూడా డాలర్ల పద్దు లేకపోవడం చూసి, పేట్రియన్‌లో దాచి ఉన్న కార్డు వివరాలను తొలగించాను.