దృఢమా, అదృఢమా అని అడిగితే ఏ ఆర్టికల్ గురించి అని చూడండి

గ్రూప్-1 మెయిన్స్‌కి రాసే వాళ్లలో ఎక్కువ మంది "భారత రాజ్యాంగం దృఢ, అదృఢ లక్షణాల కలయిక" అని ఒక వాక్యం రాసి, కింద మూడు రకాల మెజారిటీలు పేర్చి వదిలేస్తారు. తప్పేం కాదు గానీ, ఆ జవాబుకి, పక్క బెంచీలో రాసిన జవాబుకి తేడా ఉండదు. మార్చడం కష్టమైతే దృఢం, సులువైతే అదృఢం అంటాం, కానీ మొత్తం రాజ్యాంగానికి కలిపి అలా ఒక పేరు పెట్టొద్దు. ఏ ఆర్టికల్‌ని మార్చాలి, దానికి ఏ దారి ఉంది అని చూడడం అలవాటు చేసుకోండి.

మన కర్నూలు, కడప, అనంతపురం వాళ్లకి మంచి ఉదాహరణ నోటిఫికేషన్‌లోనే దొరుకుతుంది. జోన్-4 లోకల్ అని చదువుతాం కదా, దాని వెనక ఉన్నది విద్య, ఉద్యోగాల్లో స్థానికుల అవకాశాల కోసం పెట్టిన 371డి ఆర్టికల్. 1973లో 32వ సవరణతో, అంటే రాజ్యాంగ సవరణ పద్ధతి చెప్పే 368వ ఆర్టికల్ కింద ప్రత్యేక మెజారిటీతో వచ్చింది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మన మూడు జిల్లాలనీ చిత్తూరునీ నాలుగో జోన్‌లో పెట్టింది. 2013లో విభజన గొడవ నడుస్తున్నప్పుడు చాలా మంది చేసిన వాదన ఏమిటంటే, 371డి ఉంది కాబట్టి మూడింట రెండు వంతుల మెజారిటీ లేకుండా రాష్ట్రాన్ని విడదీయలేరని. కానీ 2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 97వ సెక్షన్ ఆ 371డినే మార్చేసింది, అదీ సాధారణ మెజారిటీతో!

కీలకమంతా ఆర్టికల్ 4లో ఉంది. కొత్త రాష్ట్రాలు, సరిహద్దుల మార్పుల కోసం ఆర్టికల్ 2, 3 కింద చేసే చట్టంలో అనుబంధంగా అవసరమైన మార్పులు ఏవైనా పెట్టొచ్చు, అలాంటి చట్టం 368 ప్రయోజనాల కోసం రాజ్యాంగ సవరణగా లెక్కకు రాదు అని అందులో ఉంది. అంటే ఒకే ఆర్టికల్ ఒక దారిలో కష్టంగా లోపలికొచ్చి, ఇంకో దారిలో సులువుగా మారింది. ఇక్కడ బిట్లు వచ్చే చోటు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆర్టికల్ 3 బిల్లుకి రాష్ట్రపతి ముందస్తు సిఫార్సు కావాలి, రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి. 368 బిల్లుకి ఆ ముందస్తు సిఫార్సు అక్కర్లేదు. శాసనసభ అభిప్రాయానికి కట్టుబడాల్సిన పని లేదు. 2014 జనవరి 30న మన శాసనసభ ఆ బిల్లుని తిరస్కరిస్తూ తీర్మానం చేసింది, ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి.

ఇక ప్రత్యేక మెజారిటీ లెక్క. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. రెండు పరీక్షలు ఒకేసారి నెగ్గాలి: సభ మొత్తం సభ్యత్వంలో సగానికి మించి, హాజరై ఓటు వేసిన వాళ్లలో మూడింట రెండు వంతులు. మొత్తం సభ్యత్వం అంటే ఖాళీలు కూడా కలిపి, లోక్‌సభకి 543. కాబట్టి 272 అనేది కదలని గీత. 360 మంది ఓటు వేశారనుకుందాం. మూడింట రెండు వంతులు 240. అయినా బిల్లు నెగ్గదు, 272 కావాలి. 450 మంది వేస్తే 300 కావాలి, ఇప్పుడు 272 సరిపోదు. రెండు గీతలూ కలిసేది 408 ఓట్ల దగ్గర. అంతకంటే తక్కువ ఓట్లు పడితే మొదటి పరీక్ష కఠినం, ఎక్కువ పడితే రెండోది. తటస్థంగా కూర్చున్న వాళ్లు "ఓటు వేసిన" లెక్కలోకి రారు. వాకౌట్లు బిల్లుకి ఒక్కోసారి మేలు చేసేది అందుకే.

ఆ లెక్క నిజంగా ఎంత పదునుగా తెగుతుందో 1970 సెప్టెంబర్‌లో రాజ్యసభలో చూడొచ్చు. మాజీ సంస్థానాధీశుల రాజభరణాల రద్దు బిల్లుకి అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 పడ్డాయి. మొత్తం 224లో మూడింట రెండు వంతులు 149.33. ఒక్క ఓటు కూడా కాదు, ఓటులో మూడో వంతు తక్కువై బిల్లు పోయింది. ఉభయ సభల సంయుక్త సమావేశం పెట్టి గట్టెక్కిద్దామంటే సవరణ బిల్లుకి ఆ వీలు లేదు. ప్రభుత్వం రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజుల గుర్తింపు రద్దు చేయించింది, డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, అదే నెల లోక్‌సభ రద్దయింది. 1971 ఎన్నికల్లో పెద్ద మెజారిటీతో తిరిగి వచ్చాకే 26వ సవరణ రూపంలో పని పూర్తయింది. రాజకీయ స్థిరత్వం మీద ప్రశ్న వస్తే ఈ వరస రాయండి. దృఢత్వం మార్పుని ఆపేయలేదు, ఓటరు దగ్గరికి పంపి తిరిగి తెచ్చింది.

మూడో దారి, కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం, ఎప్పుడు కావాలో ప్రభుత్వాలే పొరబడ్డాయి. సహకార సంఘాల మీద 97వ సవరణ 2011లో పార్లమెంటులో నెగ్గింది, రాష్ట్రాలకి మాత్రం పంపలేదు. కేంద్ర, రాష్ట్రాల మధ్య అధికారాలు పంచే ఏడో షెడ్యూల్ జాబితాలో అక్షరం మార్చలేదు కదా, ఆమోదం ఎందుకని వాదన. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలో 32వ అంశం. ఆ అంశం మీద శాసనసభ ఎలాంటి చట్టం చేయాలో సవరణ నిర్దేశించింది కాబట్టి, జాబితాని ముట్టుకోకపోయినా రాష్ట్రాల శాసనాధికారం తగ్గినట్టే అని 2021 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్రాల సహకార సంఘాల వరకు ఆ భాగం చెల్లకుండా పోయింది, బహుళ రాష్ట్ర సంఘాలకు మిగిలింది. సవరణ ఏ ఆర్టికల్‌ని మార్చింది అని మాత్రమే చూడకండి, ఎవరి అధికారం మీద పడింది అని చూడండి.

అదృఢ రాజ్యాంగానికి బ్రిటన్ అని పేరు రాసి వదిలేయకుండా 2019ని వాడుకోండి. 2011 చట్టం ప్రకారం ముందస్తు ఎన్నికకి 650 స్థానాల్లో మూడింట రెండు వంతులు, అంటే 434 ఓట్లు అప్పట్లో కావాల్సి ఉండేది. బోరిస్ జాన్సన్ ప్రభుత్వం మూడుసార్లు ప్రయత్నించి విఫలమైంది. తర్వాత ఒక చిన్న చట్టం సాధారణ మెజారిటీతో చేసి డిసెంబర్ 12న ఎన్నికలు జరిపించారు. సాధారణ చట్టంతో వేసిన తాళం సాధారణ చట్టంతోనే తెరుచుకుంటుంది.

అలాగని తాళం బలంగా ఉంటే చాలనుకోవద్దు. 1976లో, ఎమర్జెన్సీ సమయంలో, రాజ్యాంగాన్ని భారీగా మార్చిన 42వ సవరణ 368లో చెప్పిన పద్ధతి ప్రకారమే వచ్చింది. పార్టీ బలం ఒకచోట పోగైతే ఆ రెండు పరీక్షలూ లాంఛనం అవుతాయి. జనతా ప్రభుత్వానికి రాజ్యసభలో అంత బలం లేదు, అందుకే ఆ మార్పుల్లో చాలావాటిని వెనక్కి తిప్పడానికి తెచ్చిన 44వ సవరణలో ఐదు క్లాజులు అక్కడ వీగిపోయాయి. మౌలిక స్వరూపం మార్పులకు ప్రజాభిప్రాయ సేకరణ అన్న ప్రతిపాదన వాటిలో ఒకటి. మిగిలిన బిల్లుకి 1979 ఏప్రిల్ 30న ఆమోదం తెలిపింది అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. ఆయన దాన్ని తిప్పి పంపగలిగేవారా అని అడిగితే లేదు అని రాయండి. 1971లో 24వ సవరణ ఆ అవకాశం తీసేసింది.