ఫోలిక్ యాసిడ్ చీటీకి మెథోట్రెక్సేట్ బిల్లు: రాత్రి డ్యూటీలో నా అనుభవం

విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల షాపులో నేను రాత్రి డ్యూటీ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. నిన్న రాత్రి రెండు గంటలు దాటాక, నెల తప్పిన భార్యను వాంతులతో అత్యవసర విభాగానికి తీసుకువచ్చిన ఒక యువకుడు చీటీ ఇచ్చాడు. అందులో వాంతులకు ఒక మాత్ర, దానితోపాటు రోజుకొకటి చొప్పున 30 రోజులకు ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఉన్నాయి. కౌంటరు కుర్రాడు బిల్లు కొట్టి, మందులు కవరులో పెట్టి, డబ్బులు తీసుకున్నాడు.

కవరు చేతికిచ్చే ముందు స్ట్రిప్పును తిప్పి, కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవడం నా అలవాటు. అక్కడ మెథోట్రెక్సేట్ అని ఉంది. చీటీలో డాక్టరు ఫోలిక్ యాసిడ్‌ను కంపెనీ పేరుతో, గొలుసు రాతలో రాశారు. ఆ పేరూ, మెథోట్రెక్సేట్‌కు ఒక కంపెనీ పెట్టిన పేరూ ఎఫ్, ఓ, ఎల్ అనే మూడు అక్షరాలతోనే మొదలవుతాయి. రెండింటిలోనూ 5 మిల్లీగ్రాముల మాత్ర దొరుకుతుంది కనుక మోతాదు చూసినా అనుమానం రాదు. పైగా కీళ్లవాతం రోగులకు మెథోట్రెక్సేట్‌తోపాటు దాని దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు కాబట్టి మా షాపులో రెండూ ఒకే సొరుగులో పక్కపక్కనే ఉండేవి.

ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమైన మందులు. ఫోలిక్ యాసిడ్‌ను శరీరం వాడుకోవడానికి అవసరమైన ఎంజైమును మెథోట్రెక్సేట్ అడ్డుకుంటుంది. కీళ్లవాతానికి దానిని వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. రోజూ వేసుకుంటే నోటిపూత మొదలై, ఎముక మజ్జలో రక్తకణాల తయారీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణి వేసుకుంటే గర్భం పోవచ్చు, నిలిచినా బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. తరువాత ఫోలిక్ యాసిడ్ మింగించి దానిని సరిచేయలేము, ఎందుకంటే ఆ ఎంజైము అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. దానిని దాటి పనిచేసే ఫోలినిక్ యాసిడ్ ఇవ్వాలి.

"ఏమండీ, ఈ మాత్ర దేనికని చెప్పారు?" అని అడిగాను. "బిడ్డ ఎదుగుదలకు అన్నారు సార్" అన్నాడతను. వెంటనే డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తే ఆమె ఫోలిక్ యాసిడేనని నిర్ధారించారు. అక్కడికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అసలు కష్టం బిల్లు దగ్గర మొదలైంది. కుర్రాడు కంప్యూటరులో మూడు అక్షరాలు కొట్టి, జాబితాలో పైన కనిపించిన పేరును ఎంచుకున్నాడు. అందువల్ల బిల్లూ స్ట్రిప్పూ చక్కగా సరిపోయాయి. బిల్లుతో మందును పోల్చి సంతకం పెట్టే ఫార్మసిస్టులందరికీ నేను చెప్పేది ఇదే: బిల్లే తప్పైనప్పుడు ఆ పోలిక దేనికీ పనికిరాదు, చీటీతోనే పోల్చాలి. ఆ బిల్లును రద్దు చేసే అధికారం మా షాపులో సూపర్‌వైజరు పాస్‌వర్డుకే ఉంది, ఆయన ఇంట్లో నిద్రపోతున్నారు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. ఈలోగా వరుసలో ఉన్నవాళ్లు అరవడం మొదలుపెట్టారు, డబ్బులు కట్టించుకుని మందు వెనక్కి లాక్కుంటున్నానని ఒకాయన సెక్యూరిటీని పిలిచాడు, ఆ గార్డు నన్ను పక్కకు జరిగి నిలబడమన్నాడు. ప్రాణాపాయం తప్పించిన మనిషిని దొంగలా నిలబెట్టారు. నేను మాత్రం ఆ స్ట్రిప్పును చేతిలోంచి వదలలేదు. సరైన మాత్రలను చేతిరాత రసీదుతో ఇచ్చి, అతనికి ఎక్కువ పడిన డబ్బు నా జేబులోంచి ఇచ్చి పంపించాను.

చివరికి ఫోన్ ఎత్తిన సూపర్‌వైజరు, "ఏమీ జరగలేదు కదా, పుస్తకంలో రాయకు, రాస్తే షాపుకు చెడ్డపేరు" అన్నారు. నేను రాశాను. సమయం, రెండు పేర్లు, ఎక్కడ పొరబడ్డారు, ఎవరికి ఫోన్ చేశాను అన్నీ రాసి, నకలు తీసిపెట్టుకున్నాను. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే మందు చేతికివ్వాలని చట్టం చెబుతున్నప్పుడు, పొరపాటును ఆపడానికి నాకు అధికారం లేకుండా చేసి, బాధ్యత మాత్రం నా మీద పెట్టడం అన్యాయం. రాత్రిళ్లు ఒక్కరే పనిచేసేవారు ఉద్యోగంలో చేరే రోజే, బిల్లు రద్దు చేసే అధికారం తమకుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఉదయం సూపరింటెండెంటు ఆ పుస్తకం చదివి మెథోట్రెక్సేట్‌ను సొరుగులోంచి తీయించి, తాళం ఉన్న పెట్టెలో విడిగా పెట్టించారు. ఆ పేరును ఎంచుకున్నప్పుడు వారంలో ఏ రోజు వేసుకోవాలో నింపితేనే కంప్యూటరు బిల్లు ఇచ్చేలా మార్చమని నేను అర్జీ పెట్టాను. దానికి ఇంకా జవాబు రాలేదు.