ఫెర్నాండినా దగ్గర నా అంచనా తప్పింది

ఎమ్మెస్సీలో ఎకాలజీ మేడమ్ ఇచ్చిన అసైన్‌మెంట్ చూడ్డానికి చిన్నదే. దీవి ఎంత పెద్దదో, ఎంత దూరంలో ఉందో తెలిస్తే అక్కడ ఎన్ని జాతులుంటాయో అంచనా వేయాలి. ఆ అంచనా ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో కూడా రాయాలి. నేను గాలపాగోస్ దీవుల మొక్కల్ని తీసుకున్నాను. లెక్కలు చేసే R సాఫ్ట్‌వేర్‌లో `faraway` ప్యాకేజీ వేసుకుంటే `gala` అనే పట్టికలో 30 దీవుల లెక్కలు సిద్ధంగా ఉంటాయి.

ముందు సిద్ధాంతం బుర్రకెక్కాలి కదా. మెకార్థర్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు 1963లో ఒక పేపర్‌గా, 1967లో పుస్తకంగా చెప్పిన విషయాన్ని నేను మా ఊరి చెరువుతో పోల్చుకున్నాను. వాగు నుంచి నీళ్లు వస్తుంటాయి, తూము గుండా పోతుంటాయి. రాక, పోక సమానమైన చోట మట్టం నిలబడుతుంది, అదే సమతౌల్యం. దీవిలోకి కొత్త జాతులు రావడం వాగు, ఉన్నవి అంతరించడం తూము. దీవి దూరమైతే వాగు సన్నబడుతుంది. దీవి చిన్నదైతే ఒక్కో జాతిలో మొక్కలు తక్కువ కాబట్టి అవి త్వరగా అంతరిస్తాయి, అంటే తూము పెద్దదవుతుంది. మట్టం నిలిచి ఉన్నా లోపలి నీళ్లు మారుతూనే ఉంటాయన్నది ఈ సిద్ధాంతానికి ప్రాణం.

మొదటిసారి వైశాల్యాన్ని ఉన్నదున్నట్టు వేసి గీత గీస్తే చెత్తగా వచ్చింది. ఇసబెలా దీవి ఒక్కటే 4669 చదరపు కిలోమీటర్లు, చాలా దీవులు ఒక చదరపు కిలోమీటరు కూడా లేవు. చిన్నవన్నీ ఎడమ మూల కుప్పపడి, గీత మొత్తాన్నీ ఇసబెలా తనవైపు లాగేసింది. రెండువైపులా లాగ్ తీసుకున్నాక చుక్కలు చక్కగా పరుచుకున్నాయి.

```
library(faraway)
m <- lm(log(Species) ~ log(Area), data = gala)
coef(m)
```

వచ్చిన గీత వాలు 0.39. అంటే దీవి పది రెట్లు పెద్దదైతే జాతులు సుమారు రెండున్నర రెట్లు అవుతాయి. జాతుల సంఖ్యలోని తేడాల్లో (లాగ్ లెక్కలో) దాదాపు 78 శాతాన్ని వైశాల్యం ఒక్కటే వివరించింది. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

పొద్దున దూరాన్ని కలిపితే టెన్షన్ మొదలైంది. `log(Scruz)` అని రాయగానే `NA/NaN/Inf in 'x'` అని ఎర్రర్. చాలాసేపు డేటా పాడైందనుకున్నాను. తీరా చూస్తే ఆ నిలువు వరుసలో ఉన్నది ఆ దీవుల్లోనే ఒకటైన శాంతా క్రూజ్ నుంచి దూరం, శాంతా క్రూజ్‌కేమో అది సున్నా. సున్నాకి లాగ్ ఉండదు. దూరానికి 1 కలిపి లాగ్ తీస్తే నడిచింది. దూరం గుణకం సిద్ధాంతం చెప్పినట్టు మైనస్‌లోనే వచ్చింది గానీ, p విలువ 0.05 దాటిపోయింది, అంటే అది యాదృచ్ఛికంగా వచ్చిందే కావచ్చు.

నేను ఎంచుకున్న దూరమే సరైనది కాదని అప్పుడు తట్టింది. విత్తనాలకు అసలు మూలం దక్షిణ అమెరికా తీరం. అది దీవులన్నింటికీ దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరమే, వాటి మధ్య పెద్ద తేడా లేదు. తేడా లేని కొలత దేన్నీ వివరించలేదు.

తర్వాత రెసిడ్యువల్స్, అంటే గీత చెప్పినదానికీ అసలు సంఖ్యకూ ఉన్న తేడాలు, చూశాను. చిన్న దీవుల్లో చుక్కలు అటూ ఇటూ చెదరడం మామూలే, కానీ ఒక పెద్ద దీవి బాగా కిందికి పడి ఉంది. ఫెర్నాండినా, 634 చదరపు కిలోమీటర్లు. నా గీత 224 జాతులుంటాయంది, పట్టికలో ఉన్నవి 93. ఒక ఫోటో వెతికి చూస్తే విషయం బోధపడింది. నల్లగా గడ్డకట్టిన లావా, ఆ పగుళ్లలో చేతివేళ్లంత కాడలతో గుత్తులుగా లావా కాక్టస్, చుట్టూ మరో పచ్చని ఆకు లేదు. ఫెర్నాండినా ఇప్పటికీ రగిలే అగ్నిపర్వతం. మ్యాపులో ఎంత పెద్దగా కనిపించినా మొక్క వేరూనే నేల అందులో కొంతే. గీతను చక్కబెట్టడానికి ఆ దీవిని తీసేయొచ్చు, నేను తీయలేదు. వైశాల్యం అనేది ఆవాసానికి బదులు మనం పెట్టుకున్న కొలత మాత్రమేనని చూపించేది ఆ చుక్కే.

డ్రాఫ్టు చూసి మేడమ్ ఒక్కటే అడిగారు: "ఈ జాతుల్ని లెక్కపెట్టడానికి ఒక్కో దీవికి ఎన్నిసార్లు వెళ్లారమ్మా?" నా దగ్గర జవాబు లేదు. వెతికితే కానర్, సింబర్లాఫ్ అనే పరిశోధకులు 1978లో సరిగ్గా ఈ దీవుల మీదే రాసిన పేపర్ దొరికింది. మొక్కల జాతుల సంఖ్యను వైశాల్యం కంటే మొక్కల సేకరణకు ఎన్నిసార్లు వెళ్లారన్న లెక్కే బాగా అంచనా వేస్తోందని వాళ్లు చూపించారు. పెద్ద దీవికి ఎక్కువసార్లు వెళ్తారు, ఎక్కువ జాతులు రాసుకొస్తారు.

అందుకే ముగింపు మొత్తం తిరగరాశాను. మొదట "సమతౌల్యం రుజువైంది" అని రాసుకున్నాను, ఆ మాట కొట్టేశాను. నా దగ్గరున్నది ఒక్కసారి కొలిచిన చెరువు మట్టం. లోపలి నీళ్లు మారుతున్నాయో లేదో తెలియాలంటే అవే దీవుల్లో ఏళ్ల తేడాతో మళ్లీ జాతుల జాబితా తయారుచేసి, ఏవి కొత్తగా వచ్చాయో ఏవి పోయాయో చూడాలి. ఆ రెండో జాబితా `gala` లో లేదని రాసి, ఫెర్నాండినా చుక్కకు ఎర్ర రంగు వేసి, సబ్‌మిట్ చేశాను.